పాత పార్టీకి నాలుగు లైన్ల మెసేజ్

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు సొంతంగా డిజైన్, వీడియో, డీటీపీ, అనువాదం పనులు చేసుకునేవారు పాత పార్టీకి మెసేజ్ పెట్టాలంటే వెనకాడతారు. ధైర్యం చేసి పెట్టినా చాలాసార్లు నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు. పార్టీకి మన మీద కోపం ఉండి కాదు. ఒకే మెసేజ్‌లో మనం రెండు వేర్వేరు విషయాలు అడుగుతున్నాం. చేసిన పని గురించి రెండు మాటలు చెప్పడం ఆయన మనకు చేసే సాయం. మళ్లీ పని ఇవ్వడం మాత్రం సాయం కాదు, ఆయన అవసరం తీరే వ్యవహారం. రెంటినీ ఒకే గొంతుతో, ఒకే బతిమాలుడుతో అడిగితే రెండోది కూడా సాయంలాగే వినిపిస్తుంది. సాయం అడిగిన మెసేజ్‌ను ఎవరైనా తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతారు.

అందుకే సాయాన్ని సాయంలా, వ్యవహారాన్ని వ్యవహారంలా అడగాలి. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

విత్తన సంచి డిజైనర్ సంగతి

హుజూరాబాద్, జమ్మికుంట, శంకరపట్నం చుట్టుపక్కల వరి విత్తనోత్పత్తి పెద్ద వ్యాపారం. విత్తనాన్ని శుద్ధి చేసి సంచికెత్తి అమ్మే సంస్థకు ప్రతి సీజన్‌కూ డిజైనర్‌తో పని పడుతుంది. సంచి మీద బొమ్మ, రకం పేరు, రైతుకు ఇచ్చే కరపత్రం, డీలర్ దుకాణం ముందు కట్టే ఫ్లెక్సీ, సంచికి కుట్టే లేబుల్ అన్నీ తయారు కావాలి. లేబుల్ మీద రకం, లాట్ నంబర్, మొలక శాతం, భౌతిక స్వచ్ఛత, పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ తప్పనిసరిగా ఉండాలి. వరికి మొలక శాతం కనీసం 80 ఉండాలి, పరీక్ష చేసిన నాటి నుంచి 9 నెలలు చెల్లుతుంది. అంటే సంచి బొమ్మ పాతదే వాడుకున్నా లేబుల్ మాత్రం ప్రతి సీజన్‌లో మారాల్సిందే.

కరీంనగర్‌లో ఇంటి నుంచి పనిచేసే ఒక డిజైనర్ పోయిన వానాకాలానికి జమ్మికుంటలోని ఒక విత్తన సంస్థకు సన్నరకం వడ్ల సంచి, కరపత్రం, లేబుల్ చేసి ఇచ్చిందనుకుందాం. డబ్బులు ముట్టాయి, మాట పట్టింపులేమీ లేవు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇప్పుడు ఆమె ఇలా మెసేజ్ పెట్టిందనుకోండి:

"హాయ్ సార్, బాగున్నారా? నా వర్క్ మీకు నచ్చిందనుకుంటున్నా. దయచేసి నాకు ఒక మంచి టెస్టిమోనియల్ ఇవ్వండి సార్. ఇంకా ఏమైనా వర్క్ ఉంటే చెప్పండి, రీజనబుల్ రేట్‌కే చేస్తా."

ఇందులో మర్యాద లోపమేమీ లేదు. కానీ చదివే మనిషి వైపు నుంచి చూడండి. ఆయన ఫోన్‌లో రైతులు, డీలర్లు, ఆర్గనైజర్లు, లారీ వాళ్లు, హమాలీ మేస్త్రీలు వందల మంది ఉంటారు. ఈ "హాయ్ సార్" ఎవరిదో ముందు ఆయనే వెతుక్కోవాలి. "మంచి టెస్టిమోనియల్" అంటే ఏం రాయాలో ఆయనే ఆలోచించాలి, ఆపైన టైప్ చేయాలి. "ఏమైనా వర్క్" ఏముందో కూడా ఆయనే గుర్తు తెచ్చుకోవాలి. పని మొత్తం ఆయన నెత్తిన పడింది. పైగా రేటు గురించి ఎవరూ అడగకముందే "రీజనబుల్" అనడంతో బేరం కింది నుంచి మొదలవుతుంది.

అదే డిజైనర్ ఇలా రాస్తే:

"నమస్తే అన్నా. పోయిన వానాకాలం మీ సన్నరకం సంచి, కరపత్రం, లేబుల్ చేసిన కరీంనగర్ డిజైనర్‌ను (ఇక్కడ పేరు).

సంచి మార్కెట్లకు పోయినంక డీలర్లు ఏమన్నరో ఒక నిమిషం వాయిస్ పెడ్తరా? మీ మాటలనే రాసి, మీకు చూపించి, మీరు సరే అంటేనే నా పనుల పేజీల పెట్టుకుంట.

ఈ వానాకాలానికి కొత్త రకం ఏదన్న దించుతున్నరా, పాతదానికే లేబుళ్లు మార్చాల్నా? ఫైళ్లన్నీ నా దగ్గరనే ఉన్నయి, వివరాలు పంపిన నాలుగు రోజుల్ల ప్రూఫ్ ఇస్త."

ఇది కూడా చిన్నదే. నమస్తేతో కలిపినా నిమిషంలో చదివేయొచ్చు. కానీ ఆయన ఆలోచించాల్సినదంతా ఆమే ఆలోచించి పెట్టింది. మొదటి లైన్‌లో తానెవరో మాత్రమే కాదు, ఏ సీజన్‌లో ఏ పని చేసిందో చెప్పింది. రెండో భాగంలో పొగడ్త అడగలేదు, జరిగినది అడిగింది. మూడో భాగంలో "పని ఉందా" అనలేదు. ఆ వ్యాపారంలో ఈ నెలలో తప్పకుండా తేల్చుకోవాల్సిన విషయాన్నే ప్రశ్నగా పెట్టింది. రేటు ఊసే లేదు. పని ఏమిటో తేలాక ఆ మాట దానంతట అదే వస్తుంది.

పలకరింపు గురించి ఒక మాట. పని నడిచిన రోజుల్లో ఆయన్ను ఎలా పిలిచారో అలాగే పిలవండి. అప్పుడు "అన్నా" అని ఇప్పుడు "రెస్పెక్టెడ్ సార్" అంటే దూరపు మనిషి మెసేజ్‌లా ఉంటుంది. అప్పుడు "సార్" అన్నవారిని ఇప్పుడు పని కోసం "అన్నా" అనడమూ బాగుండదు. ఆదిలాబాద్ పత్తి మిల్లుల్లో "సేట్" అనే పిలుపు మామూలు. మాట్లాడింది హిందీలోనో మరాఠీలోనో అయితే మెసేజ్ కూడా ఆ భాషలోనే వెళ్లాలి.

వాయిస్ ఎందుకు అడగాలి

రాయమంటే చాలామంది ఆగిపోతారు. రాసినవారు కూడా "గుడ్ వర్క్", "వెరీ నైస్" అని ముగిస్తారు. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ఆ మాట ఎవరికైనా సరిపోతుంది. వాయిస్ మెసేజ్‌లో మనిషి తన మామూలు మాటలో మాట్లాడతాడు, అందులో వివరాలు దొర్లుతాయి. పై మెసేజ్‌కు ఆ యజమాని ఇలా జవాబిచ్చాడనుకుందాం:

"ఆఁ అమ్మా, మంచిగనే ఉండె. డీలర్లు దూరంకెల్లే మన సంచి గుర్తుపడ్తున్నమన్నరు. అంతకుముందు వేరే కంపెనీ సంచితోని కలిసిపోతుండె. లేబుల్ల కూడ ఒక తేదీ తప్పువడ్తే నువ్వే చూసి చెప్పినవ్ గద, అది మంచిపనైంది. లేకుంటే అన్నీ మళ్ల కొట్టియ్యాల్సొచ్చు."

ఇందులో రెండు విషయాలున్నాయి. సంచి గుర్తుపట్టడం ఒకటి, లేబుల్‌లో తప్పు దొరకడం ఒకటి. తర్వాతి విత్తన కంపెనీకి మొదటిదానికన్నా రెండోది ఎక్కువ పనికొస్తుంది. లేబుల్ మీద తేదీ తప్పయితే అది అచ్చుతప్పుతో ఆగదు, తనిఖీలో పట్టుబడితే సరుకు అమ్మకమే ఆగిపోవచ్చు. అందుకని ఆమె దాన్ని ఇలా రాసి ఆయనకు తిరిగి పంపాలి:

"లేబుల్‌లో ఒక తేదీ తప్పుంటే తానే చూసి చెప్పింది, లేకుంటే అన్నీ మళ్లీ కొట్టించాల్సి వచ్చేది. సంచిని డీలర్లు దూరం నుంచే గుర్తుపడుతున్నామన్నారు. – యజమాని, వరి విత్తన సంస్థ, జమ్మికుంట."

కింద ఒక ప్రశ్న చేర్చాలి: "అన్నా, ఇట్ల పెట్టుకోవచ్చా? మీ పేరు, కంపెనీ పేరు వెయ్యాల్నా, ఊరు పేరు ఒక్కటే చాలా?" కొందరు వ్యాపారులకు తమ డిజైనర్ ఎవరో పోటీ కంపెనీకి తెలియడం ఇష్టం ఉండదు. పేరు వద్దంటే ఊరు, వ్యాపారం రాసినా మాటకు బలం తగ్గదు. ఆయన "సరే" అన్న మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఆ పని ఫోల్డర్‌లోనే దాచిపెట్టుకోండి.

రాసేటప్పుడు యాసను అచ్చుభాషకు మార్చొచ్చు, వాక్యాల క్రమం మార్చొచ్చు. విషయాన్ని మాత్రం పెంచకూడదు. ఆయన "మంచిగనే ఉండె" అన్నదాన్ని "అద్భుతంగా ఉంది" అని రాస్తే అది ఆయన మాట కాదు. ఆయన చెప్పని అమ్మకాల పెరుగుదలను చేర్చడం అంతకన్నా తప్పు. ఈ వ్యాపారంలో అందరూ ఒకరికొకరు తెలిసినవారే. మీ పేజీ చూసినవాళ్లు జమ్మికుంటకు ఫోన్ చేసి అడుగుతారు. అక్కడ చెప్పిన మాట, ఇక్కడ రాసిన మాట ఒకటి కాకపోతే ఉన్న నమ్మకమూ పోతుంది.

వాయిస్‌లో కూడా "మంచిగుండె" అన్న ఒక్క ముక్కే వస్తే ఒక్కసారి మాత్రం తిరిగి అడగండి, అదీ ఏదైనా ఒక పనిని పట్టుకుని: "లేబుల్ పనిల ఏమన్న ఇబ్బంది అయ్యిందా అన్నా?" అప్పుడు వివరం వస్తే సంతోషం. రాకపోతే అక్కడితో వదిలేయాలి.

మెసేజ్ ఎప్పుడు పెట్టాలి

వానాకాలం విత్తనం మే చివరి నుంచి రైతుల చేతికి వెళుతుంది. రోహిణి కార్తె వచ్చేసరికి డీలర్ దుకాణంలో సంచులు పేర్చి ఉండాలి. రంగురంగుల బీఓపీపీ సంచికి ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చేయించాలి. డిజైన్ ఖాయమయ్యాక సిలిండర్లు, తర్వాత ప్రింటింగ్, తర్వాత సంచి కుట్టడం జరుగుతాయి. ఇదంతా రోజుల్లో అయ్యే పని కాదు. మరోవైపు ఏప్రిల్‌లో యాసంగి విత్తన పంట కోతకొస్తుంది. అప్పటి నుంచి యజమాని పొలాల మీద, ఆరబెట్టే కల్లాల మీద, శుద్ధి యంత్రం దగ్గర ఉంటాడు. కాబట్టి డిజైనర్ మెసేజ్‌కు సరైన కాలం శివరాత్రికి, ఉగాదికి మధ్య. అప్పటికి పోయిన సీజన్‌లో డీలర్లు తిప్పి పంపిన సరుకు లెక్క తేలి ఉంటుంది, ఎవరేమన్నారో ఆయనకు గుర్తుంటుంది. ఈ సీజన్ సంచుల ఆర్డర్ ఇంకా వెళ్లి ఉండదు. పాత పని ఫలితం, కొత్త పని అవసరం రెండూ ఒకేసారి ఆయన మనసులో ఉండే రోజులవి. అందుకే ఇక్కడ రెండూ ఒకే మెసేజ్‌లో అడగొచ్చు.

సిలిండర్ల సంగతి తెలిసిన డిజైనర్‌కు ఇంకో వీలుంది. రకం పేరు ఒకే రంగులో అచ్చయ్యేలా మొదటే డిజైన్ చేసి ఉంటే, కొత్త రకానికి ఆ ఒక్క సిలిండర్ మారిస్తే సరిపోతుంది. "పాత సంచికే పేరు మార్చి కొట్టొచ్చు అన్నా, ఒక్క సిలిండర్ మారిస్తే చాలు" అన్న ఒక్క లైన్‌కు ఉన్న విలువ ఎంత రేటు తగ్గించినా రాదు. అయితే సంచి తయారుచేసేవారిని అడిగి నిర్ధారించుకున్నాకే ఆ మాట రాయాలి.

ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లు దగ్గరికొస్తే కాలం వేరు. పత్తి అక్టోబర్ నుంచి మార్కెట్‌కు వస్తుంది, చలికాలమంతా మిల్లుకు ఊపిరాడదు. ఆ మిల్లు కోసం ఒకరు చిన్న వీడియో, బేళ్లు కొనే వ్యాపారులకు చూపించే వెబ్ పేజీ చేసి ఇచ్చారనుకోండి. అది పనికొచ్చిందో లేదో సీజన్ ముగిసే ఏప్రిల్‌లో తెలుస్తుంది. కొత్త సీజన్‌కు మళ్లీ చేయించాలన్న ఆలోచన మాత్రం ఆగస్టు, సెప్టెంబర్ దాకా రాదు. ఇక్కడ ఒకే మెసేజ్‌లో రెండూ అడిగితే ఏదో ఒకటి తప్పుడు కాలంలో పడుతుంది. ఏప్రిల్‌లో మాట అడగాలి: "సేట్‌జీ, వీడియో చూసి ఫోన్ చేసిన వ్యాపారులు ఉన్నారా?" పొలాల అమావాస్య దాటాక పని అడగాలి: "కొత్త సీజన్‌కు వీడియోలో మార్చాల్సినవి ఉన్నాయా, ఈసారి కొత్త యంత్రం బిగించారా?" మీ రంగం ఏదైనా ఫలితం తేలే నెల, తర్వాతి అవసరం పుట్టే నెల పక్కపక్కన ఉన్నాయా, దూరంగా ఉన్నాయా చూసుకోండి. ఒక మెసేజా, రెండా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

ఈ మెసేజ్‌లో ఉండకూడనివి

మొదటిది, బాకీ. పాత పని డబ్బులు ఇంకా రావాల్సి ఉంటే ముందు అవి తేల్చుకోవాలి, విడిగా. బాకీ ఉన్న మనిషిని మంచిమాట అడిగితే, డబ్బుల కోసమే దారి వేస్తున్నారనుకుంటాడు.

రెండోది, తగ్గింపు. "రివ్యూ ఇస్తే తర్వాతి పనిలో కొంత తగ్గిస్తా" అనడం సులువుగా నోట్లోకి వచ్చే మాట, ముఖ్యంగా రెండూ ఒకే మెసేజ్‌లో అడుగుతున్నప్పుడు. అప్పుడది మంచిమాట కాదు, కొన్న మాట. గూగుల్ నిబంధనల ప్రకారం డబ్బు, తగ్గింపు, కానుక ఆశచూపి రివ్యూ రాయించుకోకూడదు. పట్టుబడితే రివ్యూలు తీసేస్తారు. నచ్చినవారిని మాత్రమే ఏరి రివ్యూ అడగడాన్నీ ఆ నిబంధనలు ఒప్పుకోవు. మీ సొంత పేజీలో పెట్టుకునే మాటకు ఎవరిని అడగాలన్నది మీ ఇష్టం. గూగుల్ లింక్ పంపే అలవాటు పెట్టుకుంటే మాత్రం అందరికీ ఒకేలా పంపాలి.

మూడోది, ఒకటికి మించి లింకులు. గూగుల్, లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్ అన్నింట్లో రాయమంటే ఒక్కచోట కూడా రాయరు. జమ్మికుంట యజమానికి వాయిస్ సరిపోతుంది. హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగి మీకు పని ఇచ్చి ఉంటే లింక్డ్‌ఇన్ సిఫారసు మేలు, ఎందుకంటే అది ఆయన ప్రొఫైల్‌తో కలిపి కనిపిస్తుంది. దానికి ముందు మీరిద్దరూ అక్కడ కనెక్ట్ అయి ఉండాలి.

ఇంకో సంగతి జాగ్రత్తగా చూసుకోవాలి. మన దగ్గర చాలా డిజైన్ పనులు ప్రింటింగ్ ప్రెస్ ద్వారా, ఫ్లెక్సీ షాపు ద్వారా వస్తాయి. అలా వచ్చిన పనికి మీ పార్టీ ప్రెస్సే, విత్తన కంపెనీ కాదు. కంపెనీ నంబర్ మీ ఫోన్‌లో ఉందని నేరుగా మెసేజ్ పెడితే ప్రెస్ యజమాని పొట్ట కొట్టినట్టే. ఆ వార్త ఆయనకు చేరుతుంది, మిగతా ప్రెస్సులకూ చేరుతుంది. అప్పుడు మెసేజ్ ప్రెస్ యజమానికే వెళ్లాలి: సమయానికి ఫైల్ ఇచ్చానా, ప్లేట్లకు పోయాక మార్పులు వచ్చాయా అని ఆయన్నే అడగాలి. ఆ జవాబు మిగతా ప్రెస్సుల దగ్గర బాగా పనిచేస్తుంది.

జవాబు వచ్చాక, రాకపోయినా

జవాబు రాకపోతే వారం, పది రోజులు ఆగి ఒక్కసారి మళ్లీ రాయండి. ఈసారి మాట అడగడం వదిలేసి పని ఒక్కటే అడగాలి: "అన్నా, లేబుళ్ల పని ఈ నెలల ఉంటదా? ఉంటే నా డేట్లు ఆపి పెట్టుకుంట." దానికీ జవాబు లేకపోతే ఆ సీజన్‌కు అంతే. మూడోసారి రాస్తే విసుగే మిగులుతుంది. వచ్చే సీజన్‌కు మళ్లీ అదే కాలంలో రాయొచ్చు.

"ఈసారి మా పిలగాడే చేస్తున్నడు" అంటే వాదించకండి. పాత ఫైళ్లు కావాలా అని అడగండి. ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వాల్సినవి ఏవైనా మీ దగ్గరుంటే ఇచ్చేయండి. లేబుల్ ఒక్కసారి చూసి పెట్టమని ఆయనే మళ్లీ పిలవొచ్చు, పిలవకపోవచ్చు. పిలిస్తే అది విడి పని, దానికి విడి రేటు.

"పోయినసారి రేటుకే చెయ్" అంటే ముందు పని ఏమిటో రాసి పంపండి. లేబుల్ మార్పు మాత్రమేనా, కొత్త సంచా, ప్రూఫ్ తర్వాత ఎన్నిసార్లు మార్పులు చేస్తారు అన్నవి అందులో ఉండాలి. పోయినసారి పనే అయితే పాత రేటు న్యాయమే అనిపించొచ్చు. పని పెరిగితే పెరిగినదానికి రేటు చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

ఫిర్యాదు వస్తే ఏం చేయాలి? "డీలర్లు కరపత్రంల అక్షరాలు చిన్నగున్నయన్నరు" అని వాయిస్ రావొచ్చు. అలాంటప్పుడు సంజాయిషీ చెప్పకండి. "ఈసారి అక్షరాలు పెద్దవి చేసి ఒక నమూనా పంపుత అన్నా" అని రెండు రోజుల్లో పంపండి. అందులోంచి మంచిమాట ఏరుకోవాలని చూడకండి. ఆ కరపత్రం సరిదిద్దాక, సీజన్ అయ్యాక అడిగితే వచ్చే మాట నిజమైనదిగా ఉంటుంది.

ఈ నాలుగు లైన్లు రాయడానికి కావాల్సిన సరుకు పని అప్పజెప్పిన రోజే చేతిలో ఉంటుంది. ఆ రోజే ఒక నోట్‌బుక్‌లో పార్టీ పేరు కింద మూడు విషయాలు రాసిపెట్టుకోండి: ఈ పనితో ఆయనకు ఏం కావాలి, అది తేలేది ఏ నెలలో, మళ్లీ ఇలాంటి పని పడేది ఏ నెలలో. జమ్మికుంట పార్టీ దగ్గర "సంచి వేరే కంపెనీతో కలవొద్దు, ఫలితం సీజన్ లెక్కలయ్యాక, కొత్త లేబుళ్లు ఫిబ్రవరి–మార్చి" అని ఉంటే చాలు. మెసేజ్‌లో అడగాల్సిన ప్రశ్న మొదటి దాంట్లో ఉంది, పంపాల్సిన రోజులు మిగతా రెంటిలో ఉన్నాయి.